జీవో, ఆర్డినెన్సు, చట్టం, తీర్పు: వర్గీకరణ కథలో మూడు శాఖల పాత్ర

2024 ఆగస్టు 1వ తేదీ సాయంత్రం మన హాస్టల్ మెస్సులో జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. షెడ్యూల్డు కులాల వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందని టీవీలో వార్త వచ్చింది. ఒక బల్ల దగ్గర చప్పట్లు కొట్టారు. ఇంకో బల్ల దగ్గర కంచాలు వదిలేసి లేచారు. మూడేళ్ళుగా ఒకే గదిలో ఉన్న ఇద్దరు మిత్రులు ఆ రోజు నుంచి వారం పాటు మాట్లాడుకోలేదు. ఆ రాత్రి ఊరి నుంచి మా నాన్న ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు. "అప్పుడు సర్కారు ఇచ్చిందాన్ని కోర్టు కొట్టేసిందన్నరు. ఇప్పుడు అదే కోర్టు ఇయ్యొచ్చన్నదంటున్నరు. ఇంతకు కోర్టు పెద్దదా, సర్కారు పెద్దదా బిడ్డా?"

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. రాజనీతి శాస్త్రంలో పీజీ చదువుతూ కూడా ఆ రాత్రి నాన్నకు సూటిగా జవాబు చెప్పలేకపోయాము. "అధికార విభజన", "న్యాయ సమీక్ష" అనే మాటలను పరీక్షలో పది మార్కుల జవాబుగా రాశాము గానీ, అవి మన సీటు మీద, మన ఉద్యోగం మీద ఎలా పనిచేస్తాయో ఎన్నడూ సరిగా చూసుకోలేదు. ఆ తరువాత కూర్చుని చదివిన దాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వివరించాలని ఈ ప్రయత్నం. వర్గీకరణ మంచిదా చెడ్డదా అనే వాదనలోకి మేము దిగడం లేదు. ఆ వాదనలో మన హాస్టల్లోనే రెండు పక్షాలున్నాయి, రెండింటికీ తమ కారణాలున్నాయి. ఒకే విషయం మీద ప్రభుత్వం, శాసనసభ, న్యాయస్థానం ఒకదాని తరువాత ఒకటి ఎలా కదిలాయో మాత్రం వరుసగా చూద్దాం.

మూడు శాఖలు, మధ్యలో గోడలు

చట్టం చేసేది శాసన శాఖ. దానిని అమలు చేసేది కార్యనిర్వాహక శాఖ, అంటే మంత్రివర్గం, సచివాలయం, కలెక్టరు, మన వార్డెను దాకా. ఆ చట్టం గానీ ఆ అమలు గానీ రాజ్యాంగానికి లోబడి ఉందా అని చూసేది న్యాయ శాఖ. ఈ మూడు పనులూ ఒకే చేతిలో ఉంటే పౌరుడికి స్వేచ్ఛ ఉండదని ఫ్రాన్సు దేశపు ఆలోచనాపరుడు మాంటెస్క్యూ 1748లో రాశాడు.

మన దేశంలో ఈ మూడింటి మధ్య గోడలు అన్నిచోట్లా ఒకే ఎత్తులో లేవు. మంత్రులు శాసనసభలో సభ్యులుగా ఉంటారు కాబట్టి, శాసన శాఖకూ కార్యనిర్వాహక శాఖకూ మధ్య గోడ బాగా పొట్టిది. శాసనసభ సమావేశాలు లేని సమయంలో అత్యవసరమైతే గవర్నరు, అంటే మంత్రివర్గం సలహా మీద, ఆర్డినెన్సు జారీ చేయవచ్చునని 213వ అధికరణ చెబుతుంది. అది కార్యనిర్వాహక శాఖ కొద్దికాలం పాటు శాసన శాఖ పని చేయడమే. సభ తిరిగి సమావేశమైన ఆరు వారాల్లోగా ఆమోదం రాకపోతే ఆ ఆర్డినెన్సు పోతుంది.

న్యాయ శాఖ చుట్టూ ఉన్న గోడ మాత్రం ఎత్తుగా కట్టారు. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుగా ఉంచాలని 50వ అధికరణ ఆదేశిక సూత్రాల్లో చెప్పింది. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణ గురించి శాసనసభలో చర్చించరాదని 211వ అధికరణ అంటుంది. దానికి బదులుగా, సభ లోపల జరిగిన వ్యవహారంలో పద్ధతి సరిగా లేదన్న కారణంతో సభ కార్యకలాపాలను న్యాయస్థానం ప్రశ్నించరాదని 212వ అధికరణ చెబుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. జీవోకూ చట్టానికీ తేడా ఎక్కడ వస్తుందో ముందు ముందు దీనితోనే తెలుస్తుంది.

ఇక న్యాయ సమీక్ష అంటే ఏమిటి? ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా చేసిన చట్టం ఆ మేరకు చెల్లదని 13వ అధికరణ చెప్పింది. ఆ మాటను అమలు చేయమని హైకోర్టును 226వ అధికరణ కింద, సుప్రీంకోర్టును 32వ అధికరణ కింద అడగవచ్చు. హక్కులతో పాటు, ఆ చట్టం చేసే అధికారం ఆ సభకు అసలు ఉందా లేదా అనేది కూడా న్యాయస్థానం చూస్తుంది. ఒక ముఖ్యమైన సంగతి: కోర్టు తనంతట తానుగా ప్రతి చట్టాన్నీ తీసి చదివి కొట్టివేయదు. నష్టపోయామనుకున్నవారు ఎవరో ఒకరు గుమ్మం తొక్కాలి. వర్గీకరణ కథలో ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఆ గుమ్మం తొక్కారు.

మొదటి మెట్టు: 1997 జీవో

షెడ్యూల్డు కులాల రిజర్వేషన్ ఫలాలు కొన్ని కులాలకే ఎక్కువగా అందుతున్నాయని, వాటాను విడదీయాలని 1994 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దండోరా ఉద్యమం సాగింది. ప్రభుత్వం 1996లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ 1997లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1997 జూన్‌లో ప్రభుత్వం జీవోలు జారీ చేసింది. 15 శాతం వాటాను నాలుగు వర్గాలుగా పంచారు. రెల్లి, దాని అనుబంధ కులాలు ఉన్న 'ఎ' వర్గానికి 1 శాతం, మాదిగ, అనుబంధ కులాల 'బి' వర్గానికి 7 శాతం, మాల, అనుబంధ కులాల 'సి' వర్గానికి 6 శాతం, ఆది ఆంధ్ర, అనుబంధ కులాల 'డి' వర్గానికి 1 శాతం.

ఇది సీట్లలో ఎలా పనిచేస్తుందో ఒక్క లెక్క చూద్దాం. ఒక కోర్సులో 20 సీట్లున్నాయనుకుందాం. 15 శాతం అంటే 3 సీట్లు. వర్గీకరణ లేకపోతే ఆ 3 సీట్లకు షెడ్యూల్డు కులాల విద్యార్థులందరూ కలిసి పోటీ పడతారు, మార్కుల్లో ముందున్న ముగ్గురికి వస్తాయి. వర్గీకరణ ఉంటే 'బి' వర్గానికి 1.4 సీటు, 'సి' వర్గానికి 1.2 సీటు, 'ఎ', 'డి' వర్గాలకు తలా 0.2 సీటు వస్తుంది. సీటును ముక్కలు చేయలేము కదా! అందుకే ఇలాంటి వాటాలను వంద పాయింట్ల రోస్టరు మీద లెక్కిస్తారు. ఒక శాతం వాటా ఉన్న వర్గానికి వంద స్థానాల్లో ఒక స్థానం వస్తుంది. ఏడాదికి 20 చొప్పున నింపుతూ పోతే ఐదేళ్ళకు ఒకసారి ఆ పాయింటు వస్తుందన్నమాట. కాబట్టి ఒక అంకె అటూ ఇటూ అయితే ఎవరి ఇంట్లో పిల్లవాడు లోపలికి వస్తాడు, ఎవరు బయట ఉంటారు అనేది మారిపోతుంది. మెస్సులో కంచాలు వదిలి లేచిన వారి కోపమైనా, చప్పట్లు కొట్టిన వారి సంతోషమైనా ఈ లెక్క నుంచి వచ్చిందే.

ఆ జీవోలను సవాలు చేస్తూ కొందరు హైకోర్టుకు వెళ్ళారు. అదే సంవత్సరం హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఎందుకు? వర్గీకరణ తప్పు అని చెప్పి కాదు. షెడ్యూల్డు కులాలకు సంబంధించిన ముఖ్యమైన విధాన నిర్ణయాలన్నిటిలోనూ రాష్ట్ర ప్రభుత్వాలు జాతీయ కమిషన్‌ను సంప్రదించాలని 338వ అధికరణ 9వ క్లాజు చెబుతుంది. ప్రభుత్వం ఆ సంప్రదింపు జరపలేదు. దారిలో ఒక మెట్టు దాటవేసి పై మెట్టు ఎక్కినందుకు జీవోలు పోయాయి.

కార్యనిర్వాహక చర్య మీద న్యాయ సమీక్ష సాధారణంగా ఇలాగే ఉంటుంది. నిర్ణయం తెలివైనదా కాదా అని కోర్టు చూడదు. నిర్ణయం తీసుకునే అధికారం ఆ అధికారికి ఉందా, చట్టం చెప్పిన పద్ధతి పాటించాడా, సంబంధం లేని కారణాలతో చేశాడా, ఇష్టానుసారంగా ఒకరిని ఒకలా మరొకరిని ఇంకోలా చూశాడా అని చూస్తుంది. పద్ధతి లోపం వల్ల పోయిన జీవోను, ఆ లోపం సరిచేసుకుని మళ్ళీ ఇచ్చుకోవచ్చు. అందుకే "కోర్టు కొట్టేసింది" అని వినగానే కథ ముగిసిందనుకోరాదు.

రెండో మెట్టు: ఆర్డినెన్సు, చట్టం

ప్రభుత్వం ఈసారి చట్టం దారి పట్టింది. 1999లో ఆర్డినెన్సు వచ్చింది. 2000 సంవత్సరంలో శాసనసభ దాని స్థానంలో చట్టం చేసింది. అది ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల రిజర్వేషన్ల హేతుబద్ధీకరణ చట్టం, 2000. జీవోల్లో ఉన్న ఆ నాలుగు వర్గాలే, ఆ శాతాలే ఇప్పుడు చట్టంగా మారాయి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. కోర్టు కాదన్నదాన్ని శాసనసభ మళ్ళీ అవునంటే అది కోర్టును ధిక్కరించడం కాదా? కాదు. తీర్పు చెల్లదని శాసనసభ ప్రకటించలేదు. అలా చేస్తే అది న్యాయశాఖ పనిని తన చేతిలోకి తీసుకున్నట్టే, అది అధికార విభజనకు విరుద్ధం. కానీ తీర్పుకు ఆధారమైన లోపాన్ని తొలగించి, తన అధికారం లోపల ఉండి కొత్త చట్టం చేయడానికి శాసనసభకు హక్కుంది. ఈ రెండింటి మధ్య తేడా సన్నటి గీత లాంటిది. మన దేశంలో ఎన్నో చట్టాల భవిష్యత్తు ఆ గీత మీదే తేలింది.

జీవో చట్టంగా మారేసరికి కోర్టు అడిగే ప్రశ్నలు కూడా మారాయి. 212వ అధికరణ గుర్తుంది కదా. సభ లోపల పద్ధతి సరిగా లేదన్న కారణంతో చట్టాన్ని కొట్టలేరు. ఇక మిగిలేవి రెండే పెద్ద ప్రశ్నలు. ఒకటి, ఈ చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉందా? రెండు, ఈ చట్టం ప్రాథమిక హక్కులకు గానీ, రాజ్యాంగంలోని మరే నిబంధనకు గానీ విరుద్ధంగా ఉందా?

హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2000లో నలుగురు ఒక వైపు, ఒకరు ఒక వైపుగా చట్టం చెల్లుతుందని చెప్పింది. ఓడినవారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే ఇ.వి. చిన్నయ్య కేసు.

మూడో మెట్టు: 2004 చిన్నయ్య తీర్పు

2004 నవంబరు 5న జస్టిస్ సంతోష్ హెగ్డే నేతృత్వంలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. అప్పటికి మాకు రెండేళ్ళు. అయినా ఆ తీర్పు మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళ మీద పడింది.

తీర్పులోని వాదన సారాంశం ఇది. ఏ కులాలు షెడ్యూల్డు కులాలో 341వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటిస్తారు. ఒకసారి జాబితా వెలువడ్డాక అందులో ఒక కులాన్ని చేర్చాలన్నా తీయాలన్నా పార్లమెంటుకే అధికారం, రాష్ట్రానికి లేదు. ఆ జాబితాలోకి వచ్చిన కులాలన్నీ కలిసి ఒకే వర్గం. వాటిని మళ్ళీ విడగొట్టడం అంటే జాబితాను రాష్ట్రం తడిమినట్టే. ఇదీ మొదటి కారణం.

రాష్ట్రం తరఫు వాదన ఇంకొకటి ఉంది. రాష్ట్ర ఉద్యోగాల మీద చట్టం చేసే అధికారం రాష్ట్ర జాబితాలో 41వ అంశం కింద, విద్య మీద ఉమ్మడి జాబితాలో 25వ అంశం కింద రాష్ట్రానికి ఉంది కదా, ఈ చట్టం ఆ అంశాల కిందే చేశాము అన్నారు. చట్టం పైకి ఏ పేరు పెట్టుకున్నదన్నది కాదు, దాని అసలు సారం ఏమిటన్నదే చూడాలని కోర్టు జవాబిచ్చింది. షెడ్యూల్డు కులాలకు రిజర్వేషన్ ఇవ్వడం వరకే రాష్ట్రం పని. ఇచ్చాక వారిని లోపల విభజించడమే ఈ చట్టపు అసలు ఉద్దేశం కాబట్టి అది ఆ అంశాల కిందకు రాదని తేల్చింది. ఒకే వర్గంలోని వారిని వేరుగా చూడడం సమానత్వపు 14వ అధికరణకు కూడా విరుద్ధమన్నది. 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు మండల్ కేసులో వెనుకబడిన తరగతులను విభజించవచ్చని చెప్పిన మాట షెడ్యూల్డు కులాలకు వర్తించదని కూడా చెప్పింది.

1997 తీర్పుకూ 2004 తీర్పుకూ తేడా చూడండి. అక్కడ పద్ధతి లోపం. ఇక్కడ అధికారమే లేదు. పద్ధతి లోపాన్ని రాష్ట్రమే సరిదిద్దుకోగలదు. అధికారమే లేదంటే రాష్ట్రం ఎన్ని చట్టాలు చేసినా ఉపయోగం లేదు. అప్పుడు రెండే దారులు మిగులుతాయి. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించాలి, లేదా సుప్రీంకోర్టే తన మాటను తాను సరిదిద్దుకోవాలి.

మొదటి దారిలో కొంత కదలిక వచ్చింది. కేంద్రం 2007లో ఉషా మెహ్రా కమిషన్‌ను వేసింది. 341వ అధికరణను సవరించాలని అది 2008లో సిఫారసు చేసింది. కానీ ఆ సవరణ రాలేదు. ఇదీ అధికార విభజనలో ఒక భాగమే. సవరణ తెమ్మని పార్లమెంటును ఏ కోర్టూ బలవంతం చేయలేదు.

నాలుగో మెట్టు: తన తీర్పును తానే తిరగరాసిన కోర్టు

రెండో దారి పంజాబు నుంచి తెరుచుకుంది. ఆ రాష్ట్రం 1975లోనే షెడ్యూల్డు కులాల ఖాళీల్లో సగం వాల్మీకులకు, మజ్హబీ సిక్కులకు మొదటి ప్రాధాన్యంగా ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చిన్నయ్య తీర్పు వచ్చాక పంజాబ్ హర్యానా హైకోర్టు దాన్ని 2006లో కొట్టివేసింది. పంజాబు అదే ఏడాది చట్టం చేసింది. ఆ నిబంధననూ హైకోర్టు 2010లో కొట్టివేసింది. పంజాబు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అదే దవీందర్ సింగ్ కేసు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా వదిలేసే ఒక నియమం ఉంది. ఐదుగురు న్యాయమూర్తులు చెప్పిన మాటను ఇంకో ఐదుగురు కొట్టివేయలేరు. తేడా అభిప్రాయం ఉంటే పెద్ద ధర్మాసనానికి పంపమని మాత్రమే అడగగలరు. 2020 ఆగస్టులో ఐదుగురు న్యాయమూర్తులు సరిగ్గా అదే చేశారు. చిన్నయ్య తీర్పుతో తాము ఏకీభవించలేకపోతున్నామని, ఏడుగురు కూర్చుని తేల్చాలని పంపారు. 2024 ఫిబ్రవరిలో వాదనలు జరిగాయి. ఆగస్టు 1న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలోని ఏడుగురి ధర్మాసనం ఆరుగురు ఒక వైపు, ఒకరు ఒక వైపుగా చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. విభేదించినవారు జస్టిస్ బేలా త్రివేది. రాష్ట్రపతి జాబితాను రాష్ట్రాలు తాకరాదన్న పాత అభిప్రాయం వైపే ఆమె నిలబడ్డారు.

మెజారిటీ ఏమన్నది? ఎవరు షెడ్యూల్డు కులమో గుర్తించడానికే ఆ జాబితా ఉంది, అందులో ఉన్నవారందరి స్థితి ఒక్కటే అని అది చెప్పదు. లోపల విభజిస్తే ఎవరినీ జాబితాలో చేర్చినట్టూ కాదు, తీసినట్టూ కాదు. 15, 16 అధికరణల కింద రిజర్వేషన్ ఇచ్చే అధికారంలోనే, ఆ లోపల మరింత వెనుకబడినవారికి వాటా నిర్ణయించే అధికారమూ ఉంది.

అయితే అక్కడితో ఆగలేదు. రాష్ట్రం చేసే విభజనకు హేతుబద్ధమైన ఆధారం ఉండాలి. ఏ వర్గానికి ప్రాతినిధ్యం చాలడం లేదో లెక్కలతో చూపాలి. ఒక ఉపవర్గానికే మొత్తం వాటా ఇచ్చి మిగిలినవారిని బయట పెట్టరాదు. చేసిన విభజన మళ్ళీ న్యాయ సమీక్షకు లోబడే ఉంటుంది. అంటే కోర్టు తాళం తీసింది గానీ, తలుపు దగ్గర కాపలా వదలలేదు.

ఆ రోజు మెస్సులో చాలామంది పొరబడిన సంగతి ఇంకొకటి ఉంది. తీర్పుతో వర్గీకరణ వచ్చేసిందని అనుకున్నారు. రాలేదు. కోర్టు అనుమతించింది, ఆదేశించలేదు. చేయాలా వద్దా, చేస్తే ఏ శాతాలు అనేది శాసనసభ, ప్రభుత్వాల పని. తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ షమీమ్ అఖ్తర్ ఏకసభ్య కమిషన్‌ను వేసింది. నివేదిక వచ్చాక 2025 మార్చిలో శాసనసభ బిల్లును ఆమోదించింది. ఏప్రిల్ 14 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాల చొప్పున వాటాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఏకసభ్య కమిషన్ నివేదిక తరువాత అదే ఏప్రిల్‌లో 1, 6.5, 7.5 శాతాలతో ఆర్డినెన్సు తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న 1, 7, 6, 1 అంకెలతో పోల్చి చూడండి. రెండు రాష్ట్రాల్లో జనాభా వేరు కాబట్టి లెక్క వేరు. ఆ లెక్క సరిగా తీశారా లేదా అనేదే ఇక మీదట కోర్టు ముందుకు రాగల ప్రశ్న.

వార్తను ఎలా చదవాలి

ఈ కథ మొత్తం చదివాక మాకు ఒక అలవాటు వచ్చింది. "కోర్టు కొట్టేసింది" అన్న వార్త కనిపిస్తే నాలుగు సంగతులు వెతుకుతాము.

మొదటిది, కొట్టివేసింది దేన్ని? జీవోనా, ఆర్డినెన్సునా, చట్టాన్నా? రెండోది, కారణం ఏమిటి? పద్ధతి లోపమా, అధికారం లేకపోవడమా, హక్కుల ఉల్లంఘనా? పద్ధతి లోపమైతే ప్రభుత్వం త్వరలో మళ్ళీ రావచ్చు. అధికారం లేదంటే చాలా దూరం వెళ్ళాలి. మూడోది, ఎంతమంది న్యాయమూర్తులు చెప్పారు? దాన్ని మార్చాలంటే ఎంత పెద్ద ధర్మాసనం కావాలో దానితో తెలుస్తుంది. నాలుగోది, అది తుది తీర్పా, లేక స్టేనా? స్టే అంటే విచారణ పూర్తయ్యేదాకా ఆపి ఉంచడం మాత్రమే. స్టే వచ్చిందని నోటిఫికేషన్ రద్దయిందనుకుని దరఖాస్తు చేయడం మానేసిన సీనియర్ ఒకరు మాకు తెలుసు. ఆరు నెలల తరువాత స్టే తొలగింది. ఆయన దరఖాస్తు లేదు.

న్యాయ సమీక్షకు ఉన్న పరిమితిని కూడా దాచకుండా చెప్పాలి. కోర్టు కూడా పొరపడగలదు. చిన్నయ్య తీర్పు సరైనదని నమ్మేవారికి 2024 తీర్పు పొరపాటు, 2024 తీర్పు సరైనదని నమ్మేవారికి చిన్నయ్య తీర్పు పొరపాటు. రెండూ ఒకే కోర్టు చెప్పినవే. శాసనసభ పొరపాటును ఐదేళ్ళకొకసారి ఓటరు సరిచేయగలడు. కోర్టు పొరపాటును సరిచేయడానికి ఇంకా పెద్ద ధర్మాసనం గానీ, రాజ్యాంగ సవరణ గానీ కావాలి. 2004 నుంచి 2024 దాకా ఇరవై ఏళ్ళు పట్టింది.

మెస్సులో మాట్లాడుకోవడం మానేసిన ఆ మిత్రులిద్దరూ ఇప్పుడు కలిసే గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నారు. ఒకరు గ్రూపు-2, ఒకరు గ్రూపు-3. కొత్త రోస్టరు కాగితాన్ని గది గోడకు అంటించుకుని ఎవరి పాయింటు ఎప్పుడు వస్తుందో ఇద్దరూ లెక్కపెడుతుంటారు. ఒప్పుకోని విషయం ఇంకా ఒప్పుకోలేదు. వాదన మాత్రం మాటల్లో జరుగుతోంది.

సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు మా నాన్న ప్రశ్నకు జవాబు చెప్పాము. "ఎవరూ పెద్ద కాదు నాన్నా. ఎవరి హద్దు వారిది. ఆ హద్దు ఎక్కడుందో చెప్పడం కోర్టు పని. కోర్టు హద్దు తప్పు గీసిందనిపిస్తే అంతకన్నా పెద్ద ధర్మాసనం కూర్చుని మళ్ళీ గీస్తుంది. ఈ విషయంలో అట్లా గీయడానికి ఇరవై ఏండ్లు పట్టింది."

నాన్న కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నాడు: "ఇరవై ఏండ్లల్ల ఒకని నౌకరి వయసే అయిపోతది గద బిడ్డా."

ఆ మాటకు మా పుస్తకాల్లో జవాబు ఇంకా దొరకలేదు.